కోత ముఖం మెత్తగా కనిపించాలంటే: ఎనిమిది అంగుళాల పరుపు, ఒక దిండు చిత్రాలపై కేస్ స్టడీ

విశాఖపట్నం ఆటోనగర్‌లో పరుపులు తయారుచేసే ఒక సంస్థ, తమ ఎనిమిది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపుకీ దానితో పాటు ఇచ్చే దిండుకీ కొత్త చిత్రాలు కావాలని మా స్టూడియోకు వచ్చింది. అంతకుముందు వేరేచోట చేయించుకున్న త్రీడీ చిత్రాలు వారి దగ్గర ఉన్నాయి. పరుపు మూలను కోసి లోపలి పొరలను చూపించిన చిత్రమే వాటిలో ముఖ్యమైనది. పొరల పేర్లు, రంగులు, వరుస అన్నీ సరిగానే ఉన్నా, డీలర్లు ఆ చిత్రం చూసి "ఇది పరుపులా లేదండీ, అట్టముక్కలు పేర్చినట్టుంది" అంటున్నారని సంస్థ మేనేజరుగారు చెప్పారు. కొనేవారు చేత్తో నొక్కి చూడలేని చోట ఈ ఒక్క చిత్రమే మెత్తదనాన్ని చెప్పాలి కాబట్టి, ఆయన ఆందోళన నాకు పూర్తిగా సబబుగానే తోచింది.

పని మొదలుపెట్టే ముందు ఆ పాత చిత్రం ఎందుకు పలకలా కనిపిస్తున్నదో తేల్చుకోవడం అవసరమైంది. తెరమీద పెద్దది చేసి చూస్తే నాలుగు కారణాలు బయటపడ్డాయి. అన్ని పొరల అంచులూ ఒకే కొలతతో గుండ్రం చేసి ఉన్నాయి. కోసిన ముఖాలన్నీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. వెలుగు కెమెరా వైపు నుంచే పడుతున్నందువల్ల పై ముఖానికీ పక్క ముఖానికీ వెలుగులో తేడా లేదు. నాలుగోది మాత్రం చూసేవారు వేలుపెట్టి చూపించలేనిది, అయినా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసినది: ఫోమ్ రంధ్రాల పరిమాణం. రెండు అంగుళాల మెమరీ ఫోమ్ పొర మందంలో పైనుంచి కిందికి ఆరు రంధ్రాలు మాత్రమే లెక్కకు వచ్చాయి. అంటే ఒక్కో రంధ్రం సుమారు 8 మిల్లీమీటర్లు అన్నమాట. అసలు ఫోమ్‌లో అది ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఫోమ్ అని తెలియాలనే ఉద్దేశంతో టెక్స్‌చర్‌ను, అంటే మోడల్ ఉపరితలం మీద పరిచే రంధ్రాల నమూనాను, పెద్దది చేశారు. దాంతో ఆరున్నర అడుగుల పరుపు, పాత్రలు తోమే స్పాంజి అంత వస్తువుగా కనిపించింది.

ఈ నాలుగో కారణం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీనిమీదే ఆధారపడ్డాయి. ఒక పదార్థపు గింజ లేదా రంధ్రం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో దాన్నిబట్టి కన్ను ఆ వస్తువు పరిమాణాన్ని అంచనా వేస్తుంది. రంధ్రం పెద్దదైతే వస్తువు చిన్నదవుతుంది. అంత చిన్న ఫోమ్ ముక్క తన బరువుకు కుంగదు, దాని అంచు వంగదు. కాబట్టి మిగతావన్నీ సరిగా చేసినా చూసేవారికి అది బిగుసుకున్న ముక్కలాగే తోస్తుంది. అందువల్ల మొదట చేయవలసిన లెక్క, తుది చిత్రంలో ఒక పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లు పడతాయన్నది.

ఈ పరుపు కొలత 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు. మూలవైపు నుంచి చూసినప్పుడు ఎడమ చివర నుంచి కుడి చివరకు కనిపించే దూరం సుమారు 2,600 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు వేల పిక్సెళ్ల చదరపు చిత్రంలో పరుపు 1,700 పిక్సెళ్లు ఆక్రమిస్తే, పిక్సెల్‌కు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. ఫోమ్ రంధ్రం పిక్సెల్ కన్నా చిన్నది కాబట్టి పూర్తి పరుపు చిత్రంలో అది కనిపించకూడదు. బలవంతంగా చూపిస్తే అబద్ధపు పరిమాణమైనా వస్తుంది, చిత్రాన్ని కుదించినప్పుడు అలల్లాంటి చారలైనా వస్తాయి. అదే మూలను దగ్గరగా తీసి 400 మిల్లీమీటర్ల వెడల్పును రెండు వేల పిక్సెళ్లలో చూపిస్తే, పిక్సెల్‌కు 0.2 మిల్లీమీటరు పడుతుంది. అక్కడ ఒక్కో రంధ్రానికి నాలుగైదు పిక్సెళ్లు దక్కుతాయి, దాన్ని నిజాయితీగా చూపించవచ్చు. అందువల్ల ఒకే చిత్రంతో రెండు పనులూ చేయించకుండా, పూర్తి పరుపుకు ఒకటి, కోసిన మూలకు దగ్గరగా ఒకటి, దిండుకు ఒకటి అని మూడు చిత్రాలు ప్రతిపాదించాము. పూర్తి చిత్రంలో మెత్తదనాన్ని ఆకారం, వెలుగు చెప్పాలి. దగ్గరి చిత్రంలో మాత్రమే టెక్స్‌చర్ మాట్లాడాలి.

తర్వాత కర్మాగారానికి వెళ్లి ఒక్కో పొర నుంచి అడుగు చదరపు ముక్కను, ఒక పూర్తి పరుపు మూలను కోయించి తెచ్చుకున్నాము. కోత యంత్రం దగ్గర ఉన్న మేస్త్రీ ఒక మాట చెప్పారు: "బ్లేడు కొత్తదైతే ముఖం నున్నగా వస్తాదండీ. మొద్దుబారితే పీచు లేస్తాది, ఒక పక్కకి గీతలు పడతాయి." ఆ గీతలే మాకు కావలసినవి. బ్యాండ్ బ్లేడు నడిచిన దిశలో అతి సన్నని ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. అవి ఐదారు మిల్లీమీటర్ల నుంచి ఒకటిన్నర సెంటీమీటరు వరకు ఎడం ఎడంగా ఉంటాయి. రంధ్రాలు కనిపించనంత దూరం నుంచి కూడా ఇవి కనిపిస్తాయి. పూర్తి పరుపు చిత్రంలో కోత ముఖానికి ప్రాణం పోసినవి రంధ్రాలు కావు, అర మిల్లీమీటరు లోతు కూడా లేని ఈ కోత గీతలే.

పొరల మందాలు కొలిచి రాసుకున్నాము. పైన క్విల్టింగ్ చేసిన గుడ్డ కవరు 12 మిల్లీమీటర్లు, దాని కింద మెమరీ ఫోమ్ 50, మధ్యలో మెత్తని ఫోమ్ 25, అడుగున హెచ్‌ఆర్, అంటే హై రెసిలియెన్స్ అనే గట్టి ఫోమ్ 115. మొత్తం 202 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలకు సరిపోతుంది. ముక్కలను బల్ల అంచున సగం బయటికి వేలాడేలా పెట్టి, ఏది ఎంత వంగుతున్నదో స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీశాము. మెమరీ ఫోమ్ బయటి అంచు స్పష్టంగా కిందికి వాలింది. హెచ్‌ఆర్ ముక్క దాదాపు తిన్నగానే నిలిచింది. వేళ్లతో పట్టుకుని వదిలినప్పుడు మెమరీ ఫోమ్ పై అంచు మెల్లగా తేరుకుని గుండ్రంగానే మిగిలింది, హెచ్‌ఆర్ అంచు మాత్రం వెంటనే పదునుగా నిలబడింది. పొరల మధ్య ఉన్న ఈ తేడాయే చిత్రంలోకి రావాలి.

ఇక్కడ మన ఊరి వాతావరణం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మెమరీ ఫోమ్ స్వభావం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. వేసవి మధ్యాహ్నం ఉక్కపోతలో, ఏసీ లేని గోదాములో అరచేతి గుర్తు తొందరగా పూడిపోయింది. ఏసీ గదిలో పెట్టిన అదే ముక్కమీద గుర్తు చాలాసేపు నిలిచింది. అరచేతి గుర్తును చూపించే చిత్రానికి ఏ గదిలో నమూనా తీసుకున్నామన్నది కూడా రాసి పెట్టుకోవాలి. రంగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాలియురెథేన్ ఫోమ్ వెలుతురు తగిలితే పసుపు పచ్చగా మారుతుంది. షోరూమ్‌లో కిటికీ పక్కన ఉన్న నమూనా పసుపుకు తిరిగి ఉండగా, అదే దిమ్మను అప్పటికప్పుడు కోస్తే లోపల దాదాపు తెల్లగా ఉంది. కోసిన వెంటనే, రంగు సరిచూసుకోవడానికి వాడే గ్రే కార్డు పక్కన పెట్టి తీసిన ఫొటోల నుంచే రంగులు తీసుకున్నాము.

పొరలను ఎలా చూపించాలన్నది తర్వాతి ప్రశ్న. పొరలను ఒకదానిపై ఒకటి గాలిలో తేలేలా విడదీసి చూపించే పద్ధతి చాలామంది వాడతారు. ఈ పనికి నేను దాన్ని వద్దన్నాను. గాలిలో నిలిచిన పొరకు కింద ఆధారం ఉండదు, పైన బరువు ఉండదు, ఆనుకున్న చోట పడే నీడ ఉండదు. మెత్తదనాన్ని చెప్పే మూడు ఆనవాళ్లూ ఒకేసారి పోతాయి. దానికి బదులు మూల దగ్గర మెట్ల కోత ఎంచుకున్నాము. అడుగు పొర పూర్తిగా ముందుకు ఉంటుంది, దానిపై ఒక్కో పొర సుమారు 120 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, అన్నిటికన్నా పైన గుడ్డ కవరు వెనక్కి మడిచి ఉంటుంది. ఈ పద్ధతిలో ప్రతి పొరకూ కోత ముఖం, పై ముఖం రెండూ కనిపిస్తాయి, ప్రతి పొరా కింది పొరమీద నీడ వేస్తుంది.

మోడల్‌ను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో నిజమైన కొలతల్లోనే కట్టాము. ప్రతి పొరనూ విడి వస్తువుగా, అన్ని వైపులా మూసిన ఆకారంగా చేసి, పొరకూ పొరకూ మధ్య 0.3 మిల్లీమీటరు ఖాళీ ఉంచాము. రెండు ముఖాలు సరిగ్గా ఒకేచోట కలిస్తే రెండర్‌లో, అంటే మోడల్ నుంచి తయారయ్యే చిత్రంలో, నల్లని మచ్చలు వస్తాయి. ఆకారం మూసి లేకపోతే లోపలికి వెళ్లే వెలుగు లెక్క తప్పుతుంది. గుండ్రం చేసే ముందు `Ctrl+A` నొక్కి `Scale` ఎంచుకుని కొలతలను స్థిరపరచకపోతే, ఒక దిశలో గుండ్రం ఎక్కువగా, మరో దిశలో తక్కువగా వస్తుంది.

అంచుల గుండ్రం అన్నిటికీ ఒకటి కాదు. మెమరీ ఫోమ్ పై అంచుకు 5 మిల్లీమీటర్లు, మధ్య పొరకు 3, హెచ్‌ఆర్‌కు ఒకటిన్నర ఇచ్చాము. ఒక్కో పొరలోనూ పై అంచుకు ఎక్కువ, కింది అంచుకు తక్కువ. ఎందుకంటే కింది అంచు మరో పొరమీద ఆనుకుని, జిగురుతో పట్టి ఉంటుంది. కోత ముఖాన్ని కూడా నిట్టనిలువు గీతలా వదలకుండా, మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి ఉబికేలా చేశాము. పైన బరువున్న మెత్తని పొర నిజంగా అలాగే ఉబుకుతుంది. ఈ ఉబ్బు ఉందని చూసినవారెవరూ చెప్పలేదు. కానీ దాన్ని తీసేసి పక్కపక్కన పెట్టినప్పుడు, తీసేసిన చిత్రమే గట్టిగా ఉందని అందరూ అన్నారు. పొరలను ఒకదానిపై ఒకటి సరిగ్గా ఒకే గీతలో కాకుండా, పక్క అంచుల వద్ద ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిపాము. అంతకుమించి జరిపితే తయారీలో లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టినది గుడ్డ కవరు కోత అంచుమీద. క్విల్టింగ్ అంటే పై అల్లిక గుడ్డ, మధ్యలో పల్చని మెత్త, అడుగున నాన్‌వోవెన్ గుడ్డ, ఈ మూడింటినీ కలిపి వేసిన కుట్టు. కుట్టు ఉన్నచోట మందం 4 మిల్లీమీటర్లకు నొక్కుకుపోతుంది, రెండు కుట్ల మధ్య 12 వరకు ఉబుకుతుంది. అందువల్ల ఆ కవరును కోస్తే కోత అంచు ఒకే మందంతో ఉండదు, ఉబ్బుతూ నొక్కుకుంటూ అలలా సాగుతుంది. పాత చిత్రంలో కవరు పైభాగానికి క్విల్టింగ్ డిజైను ఉంది, కోత అంచు మాత్రం ఒకే మందంతో ఉన్న తెల్లని పట్టీలా ఉంది. పైన కనిపించే ఉబ్బు బొమ్మే తప్ప నిజం కాదని కన్ను అక్కడే పట్టేస్తుంది. ఆకారం మార్చకుండా వెలుగునీడలను మాత్రమే మార్చే బంప్ మ్యాపులతో ఉబ్బును నటింపజేసిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది. ఉపరితలం మధ్యలో అది పనిచేస్తుంది, వస్తువు అంచు గీత దగ్గర, కోత దగ్గర పట్టుబడుతుంది.

అందుకే క్విల్టింగ్‌ను నిజమైన ఆకారంగానే చేశాము. పై గుడ్డను సుమారు 8 మిల్లీమీటర్ల గడులుగా విభజించి, కుట్టు గీతలమీది బిందువులను అడుగు గుడ్డకు 4 మిల్లీమీటర్ల ఎత్తులో బిగించి, గుడ్డ ఎలా ఉబికి ముడతలు పడుతుందో లెక్కించే క్లాత్ సిమ్యులేషన్ నడిపాము. లోపలినుంచి నెట్టే `Pressure` కొద్దిగా ఇచ్చి, గుడ్డ కాస్త ఎక్కువ ఉన్నట్టు పెరిగేందుకు `Shrinking Factor` విలువను −0.05 దగ్గర పెట్టాము. −0.1 దాటితే కుట్ల పక్కన ముడతలు పెరిగి, ఏళ్ల తరబడి వాడిన పరుపులా కనిపించింది. సున్నా దగ్గర పెడితే ఉబ్బు బిగుతుగా, గాలి కొట్టినట్టు వచ్చింది. కుట్టు పక్కన చిన్న చిన్న ముడతలు మొదలై, ఉబ్బు శిఖరం చేరేలోపే మాయమయ్యే స్థితి సరైనది. కుట్టు గీతలను కూడా పూర్తిగా తిన్నగా ఉంచకుండా ఒక మిల్లీమీటరు లోపల అటూ ఇటూ కదిపాము. మడిచిన కవరు వంపు దగ్గర లోపలివైపు ఉబ్బులు నలిగి దగ్గరకు వస్తాయి, బయటివైపు సాగుతాయి. ఈ ఒక్క వంపును సిమ్యులేషన్ తర్వాత చేతితో శిల్పంలా దిద్దవలసి వచ్చింది.

ఇక వెలుగు. మెత్తని వస్తువుమీద ఎత్తుపల్లాలు చాలా నెమ్మదిగా మారతాయి కాబట్టి, వెలుగు ముందు నుంచి పడితే అవి పూర్తిగా చెరిగిపోతాయి. రెండు మీటర్ల వెడల్పున్న ఒక మెత్తని లైటును పరుపు వెనుక ఎడమవైపు, పై ఉపరితలానికి 20 నుంచి 25 డిగ్రీల ఎత్తులో మాత్రమే పెట్టాము. అంత పక్కనుంచి వచ్చినప్పుడు ప్రతి ఉబ్బుకూ ఒకవైపు వెలుగు, మరోవైపు సన్నగా కరిగే నీడ పడతాయి. ముందు కుడివైపు తెల్లని ఫలకం ఒకటి నిలిపి కోత ముఖాలకు మెల్లని వెలుగు తిప్పాము. పై ముఖం, కోత ముఖం, పక్క బోర్డరు అనే మూడు తలాలూ మూడు వేర్వేరు వెలుగుల్లో ఉండాలన్నదే ఇందులో కచ్చితమైన నియమం. చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి కొలిస్తే, 255 పూర్తి తెలుపు అనుకుంటే, పై ముఖం 235 దగ్గర, కోత ముఖాలు 170 నుంచి 190 మధ్య, పక్క బోర్డరు 140 దగ్గర ఉండేలా సర్దాము. రంగులు తీసేసినా పొరలు విడివిడిగా తెలుస్తున్నాయా అన్నదే పరీక్ష. పాత చిత్రాన్ని ఇలా మార్చినప్పుడు మెమరీ ఫోమ్, మధ్య పొర ఒకటిగా కలిసిపోయాయి. వాటిని రంగు తప్ప వేరేదేదీ విడదీయడం లేదు.

తెల్లని పరుపును తెల్లని నేపథ్యంమీద పెట్టడం మరో చిక్కు. ఆన్‌లైన్ అంగళ్లు ప్రధాన చిత్రానికి పూర్తి తెల్లని నేపథ్యం అడగడం మామూలే. తెల్లని గుడ్డ అంచు అందులో కలిసిపోతే పరుపు ఆకారమే పోతుంది. కొందరు అప్పుడు చుట్టూ బూడిదరంగు గీత లాంటి నీడ కలుపుతారు. దాంతో అంచు కత్తిరించిన కాగితంలా అవుతుంది. మేము ఫ్రేము బయట, పరుపుకు రెండు వైపులా నల్లని ఫలకాలు నిలిపాము. గుడ్డ వంపు తిరిగే చోట చుట్టూ ఉన్న తెలుపుకు బదులు ఆ నలుపు కొంత అందుతుంది, అంచు దానంతట అదే మెల్లగా ముదురుతుంది. గుండ్రంగా తిరుగుతున్న మెత్తని అంచు అని కంటికి తెలిసేది ఆ మెల్లని ముదురు వల్లనే.

ఫోమ్‌కు వెలుగును కొంత లోపలికి పీల్చుకునే గుణం ఉంది. దాన్ని బ్లెండర్‌లోని సైకిల్స్ రెండర్‌లో `Subsurface` ద్వారా చూపిస్తాము. దగ్గరి చిత్రంలో `Scale` విలువను 0.004 మీటర్లు, అంటే 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంచాము. ఇది తక్కువైతే రంధ్రాల నీడలు నల్లగా, పొడిగా, ఇటుక పొడిలా మారతాయి. ఎక్కువైతే కోత గీతలూ రంధ్రాలూ వెలుగులో కరిగి ముఖం నున్నబడుతుంది, మెమరీ ఫోమ్ అంచు లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. సరైన విలువ తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. అసలు ఫోమ్ ముక్క అంచును కిటికీకి అడ్డంగా పెట్టి ఫొటో తీసి, వెలుగు అంచునుంచి ఎంత లోపలికి వస్తున్నదో స్కేలుతో చూడాలి, రెండర్‌లో ఆ అంచూ అంతే వెలగాలి. గుడ్డకు మాత్రం ఇది దాదాపు వాడలేదు. గుడ్డ మెత్తదనం దాని ఉపరితలం మీది సన్నని నూగులో ఉంటుంది, అది ఏటవాలుగా చూసినప్పుడే తెల్లగా మెరుస్తుంది. దానికి `Sheen` కొద్దిగా ఇచ్చాము, దగ్గరి చిత్రంలో మడత అంచు వెంబడి మాత్రమే అర మిల్లీమీటరు పొడవు నూగు వెంట్రుకలు నిలిపాము. ఉపరితలమంతా నూగు వేస్తే అల్లిక గుడ్డ తువ్వాలు అయిపోతుంది.

రెండర్ పూర్తయ్యాక జరిగే నష్టం ఒకటి తరచుగా ఎవరి కంటా పడదు. ఒక్కో పిక్సెల్ వెలుగును తక్కువసార్లు లెక్కించి, అంటే తక్కువ శాంపిళ్లతో రెండర్ చేసి, మిగిలిన చుక్కల గరుకును డీనాయిజర్ అనే సాధనంతో శుభ్రం చేసినప్పుడు, అది ఫోమ్ రంధ్రాలను కూడా గరుకే అనుకుని తుడిచేస్తుంది. పూర్తి పరుపు చిత్రంలో ఇది తెలియదు. దగ్గరి చిత్రంలో ముఖం ప్లాస్టిక్‌గా మారుతుంది, టెక్స్‌చర్ సరిగా లేదనుకుని మనం దాన్ని పెంచుతూ పోతాము. డీనాయిజర్ లేకుండా చిన్న భాగాన్ని ఎక్కువ శాంపిళ్లతో రెండర్ చేసి, రెండింటినీ వంద శాతం పరిమాణంలో పక్కపక్కన పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. మేము దగ్గరి చిత్రానికి శాంపిళ్లు పెంచి, డీనాయిజర్‌కు ఉపరితలం రంగును, ముఖాల దిశను విడిగా చూపే పాసులను కూడా అందించాము. అప్పుడు రంధ్రాలు నిలిచాయి.

మొదటి రెండర్లు చూసిన మేనేజరుగారికి అవి నచ్చాయి, కానీ ఒక కోరిక కోరారు. "మెమరీ ఫోమ్ పొరను ఇంకాస్త మందంగా చూపిద్దామండీ. మా డబ్బు పెట్టేది దానిమీదేగా, ఇక్కడ సన్నగా కనపడుతోంది." ఆయన బాధ అర్థమైంది. ఫోనులో 400 పిక్సెళ్ల వెడల్పుకు కుదించినప్పుడు 50 మిల్లీమీటర్ల పొర ఆరేడు పిక్సెళ్లకు, 25 మిల్లీమీటర్ల మధ్య పొర మూడు పిక్సెళ్లకు దిగిపోతుంది. అయినా పొర మందాన్ని పెంచడానికి నేను ఒప్పుకోలేదు. కోత చిత్రం లోపల ఏముందో చెప్పే చిత్రం, దాని పక్కనే రెండు అంగుళాలని రాసి ఉంటుంది. వస్తువును తప్పుగా వర్ణించే ప్రకటనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇందుకోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. "కొలత మార్చకుండా కళ్లకు ఆనేలా చేస్తానండీ" అని ఆయనకు చెప్పాను.

అందుకు రెండు మార్పులు చాలాయి. కెమెరాను కాస్త కిందికి దించి, కోసిన మూల కెమెరాకు దగ్గరగా వచ్చేలా పరుపును తిప్పాము. పై ముఖం కొంత కుదించుకుపోయి కోత ముఖాలు చిత్రంలో ఎక్కువ చోటు తీసుకున్నాయి. మరీ కిందికి దింపితే మెట్ల కోతలో పై ముఖాలు మాయమై అడ్డ గీతలు మాత్రమే మిగులుతాయి కాబట్టి, ప్రతి మెట్టు పై ముఖమూ సన్నగానైనా కనిపించే ఎత్తు దగ్గర ఆపాము. లెన్సు 85 మిల్లీమీటర్లదే ఉంచాము. వెడల్పు లెన్సు వాడితే దగ్గరి మూల పెద్దదై పొర మందంగా కనిపిస్తుంది, కానీ వెనుక మూల సన్నబడి పరుపు కొలతలే అబద్ధమవుతాయి. రెండో మార్పుగా, మెమరీ ఫోమ్ కింది అంచు దగ్గర ఆనుకున్న నీడను కొంచెం గాఢం చేశాము. ఫోనులో కూడా పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అప్పుడు స్పష్టమైంది.

దిండు విషయం కొంత తేలిక, ఎందుకంటే అక్కడ సమస్యకు మూలం ఒక్కటే. చాలామంది దిండును పెట్టె ఆకారంతో మొదలుపెట్టి మూలలు గుండ్రం చేస్తారు. నాలుగు అంచులూ తిన్నగా మిగులుతాయి, దిండు చిన్న పరుపులా కనిపిస్తుంది. అసలు దిండు రెండు చదును గుడ్డలను చుట్టూ కుట్టి లోపల నింపితే వస్తుంది. నింపినప్పుడు మధ్య ఉబికి, నాలుగు అంచులూ లోపలికి వంపు తిరిగి, మూలలు చెవుల్లా పొడుచుకు వస్తాయి, కుట్టు వెంబడి ముడతలు లోపలివైపు సాగుతాయి. మేమూ అదే క్రమంలో చేశాము. ఇరవై ఏడు అంగుళాలకు పదిహేడు అంగుళాల రెండు గుడ్డలు, వాటి అంచులను కలిపే కుట్టు స్ప్రింగులు, లోపలి ఒత్తిడి. నింపాక పొడవు వెడల్పులు తగ్గుతాయి. అమ్మకానికి రాసే కొలత గుడ్డను పరిచి తీసిందా, నింపాక తీసిందా అని ముందే అడిగి తెలుసుకోవాలి. ఊరిలో బూరుగు దూది దిండ్లు కుట్టేవారు సైతం గలీబు కొలత చెప్పేటప్పుడు ఈ తేడా చూసుకునే చెబుతారు.

ఈ దిండులో ఉన్నది ముక్కలు చేసిన మెమరీ ఫోమ్. గలీబులో ఒక మూలను జిప్పు వెంబడి తెరిచి, లోపలి ముక్కలు బయటికి తొంగి చూసేలా పెట్టాము. ముక్కలు 5 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు, ఏ రెండూ ఒకే ఆకారంలో లేకుండా ఉండాలి. అన్నీ ఘనాలుగా ఉంటే యంత్రంలో చిరిగిన ఫోమ్ అని ఎవరూ నమ్మరు. ముక్కల గుట్టను భౌతిక సిమ్యులేషన్‌తో పడేసి, ఆ తర్వాత ఒకదానితో ఒకటి నొక్కుకున్న చోట్ల కొద్దిగా అణచాము. సిమ్యులేషన్ వాటిని రాళ్లలా ఒకదానిపై ఒకటి ఆనించి వదిలేస్తుంది. మెత్తని ముక్కలు అలా బిందువుల మీద నిలబడవు, ముఖాలు కలిసి అతుక్కుంటాయి.

చిత్రాలు అప్పగించాక సంస్థ ఆరు అంగుళాల రకానికి కూడా ఇవే కావాలని, "ఎత్తు ఒక్కటి తగ్గిస్తే సరిపోతుంది కదండీ" అని అడిగింది. మోడల్‌ను నిలువునా 75 శాతానికి నొక్కితే అంచుల గుండ్రాలు అండాకారమవుతాయి, ఫోమ్ రంధ్రాలు అడ్డంగా చదునవుతాయి, క్విల్టింగ్ ఉబ్బు తగ్గి గుడ్డ బిగుసుకుంటుంది. పైగా ఆ రకంలో కవరు, మెమరీ ఫోమ్ మందాలు మారవు, తగ్గేది అడుగున ఉన్న హెచ్‌ఆర్ పొర ఒక్కటే, 115 నుంచి సుమారు 65 మిల్లీమీటర్లకు. పొరలు విడి వస్తువులుగా ఉన్నందువల్ల అడుగు పొర ఒక్కదాన్ని కొత్త మందంతో మళ్లీ కట్టి, పై పొరలను కిందికి దించి, లైటును కూడా అంతే దూరం దించాము. వెలుగు పడే కోణం మారకపోవడంతో క్విల్టింగ్ నీడలు ఎనిమిది అంగుళాల చిత్రంలో ఉన్నట్టే వచ్చాయి. గుడ్డ సిమ్యులేషన్‌ను మళ్లీ నడపవలసిన అవసరం రాలేదు.